ఆర్‌ఎన్‌ఏ కనిపించగానే ట్రాన్స్‌క్రిప్షన్ అనుకోకండి

ఇంటర్‌లో బైపీసీ చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఈ ప్రశ్న వాళ్ల ముందు పెట్టి చూడండి. ఒక బ్యాక్టీరియాలో ప్రైమేజ్ అనే ఎంజైమ్ పనిచేయడం మానేసింది. కణంలో మిగతావన్నీ సవ్యంగానే ఉన్నాయి. వెంటనే దెబ్బతినేది ఏది? నాలుగు ఆప్షన్లు. ఒకటి, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తయారీ. రెండు, కొత్త ఒకజాకి ముక్కలు మొదలవడం. మూడు, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ప్రమోటర్‌ను పట్టుకోవడం. నాలుగు, జన్యువుల నుంచి రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ తయారవడం.

సరైన జవాబు రెండోది. అయినా చురుగ్గా చదివే పిల్లలు కూడా ఒకటో ఆప్షన్ దగ్గర చిక్కుకుంటారు. ఎందుకు పెట్టావని అడిగితే వాళ్లు చెప్పే లెక్క ఇలా ఉంటుంది: ప్రైమేజ్ ఆర్‌ఎన్‌ఏను తయారుచేస్తుంది, ఆర్‌ఎన్‌ఏ తయారవడమంటే ట్రాన్స్‌క్రిప్షన్, కాబట్టి ప్రైమేజ్ ఆగితే ట్రాన్స్‌క్రిప్షన్ ఆగుతుంది. ఇందులో మొదటి మాట నిజం. రెండో మాట సగమే నిజం. ఆ సగం నిజం మీద నిలబెట్టిన మూడో మాట పూర్తిగా తప్పు. నీట్‌లో ఇలాంటి తప్పుకు రావాల్సిన 4 మార్కులు పోవడమే కాక మరో మార్కు కోత పడుతుంది. మార్కుల సంగతి అలా ఉంచినా, ఈ పొరపాటు ఎక్కడ పుడుతుందో పట్టుకుంటే కణం లోపల జరిగే రెండు పెద్ద పనులు విడివిడిగా కళ్లకు కడతాయి. అందుకే దీని గురించి ఇంత వివరంగా రాయాలనిపించింది.

ముందుగా బైపీసీ చదవని పాఠకుల కోసం నాలుగు మాటలు. డీఎన్‌ఏ అంటే జంటగా పెనవేసుకున్న రెండు పోగులు. ప్రతి పోగూ A, T, G, C అనే నాలుగు అక్షరాల వరుస. ఒక పోగులో A ఉన్నచోట ఎదుటి పోగులో T ఉంటుంది, G ఉన్నచోట C ఉంటుంది. కణం రెండుగా విడిపోయే ముందు ఈ పోగులు విడివడి, ఒక్కోదానికి ఎదురుగా కొత్త పోగు తయారవుతుంది. ఒక డీఎన్‌ఏ నుంచి రెండు డీఎన్‌ఏలు రావడమే రెప్లికేషన్, తెలుగు పాఠాల్లో ప్రతికృతి. అలా కాకుండా, డీఎన్‌ఏలోని ఏదో ఒక జన్యువును చదివి, దానికి తగిన ఆర్‌ఎన్‌ఏ పోగును తయారుచేసుకోవడం ట్రాన్స్‌క్రిప్షన్, అంటే అనులేఖనం. ఆర్‌ఎన్‌ఏలో T బదులు U ఉంటుంది. పోగుకు రెండు కొసలు వేర్వేరుగా ఉంటాయి. ఒకదాన్ని 5' అని, మరోదాన్ని 3' అని గుర్తిస్తారు. కొత్త పోగు ఎప్పుడూ తన 3' కొస వైపే పెరుగుతుంది. జంటలో రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో పడుకుంటాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ రెండు పనుల్లో దేన్ని గురించి అడిగినా మూడు పాత్రలు గుర్తుపట్టాలి. ఎంజైమ్ దేన్ని చదువుతోందో అది మూస, అంటే టెంప్లేట్. చదివిన దాన్నిబట్టి కొత్తగా తయారై బయటికి వచ్చేది ఉత్పత్తి. ఇక మూడోది ప్రైమర్. ఎంజైమ్ తన మొదటి అక్షరాన్ని తగిలించడానికి ముందే అక్కడ సిద్ధంగా ఉండాల్సిన పొట్టి ముక్క అది. చేనేత తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పోగులను శూన్యంలోంచి మొదలుపెట్టరు, మిగిలి ఉన్న పాత పోగుల కొసలకు అతుకుతారు. డీఎన్‌ఏ పాలిమరేజ్‌కూ అలాంటి కొస కావాలి. మూస మీద అప్పటికే జతకట్టి కూర్చున్న ముక్క ఒకటి ఉంటే, దాని 3' కొసకు అక్షరాలు చేర్చుకుంటూ పోతుంది. ఆ ముక్క లేకపోతే ఎదురుగా మూస ఉన్నా, చుట్టూ కావలసినంత ముడిసరుకు ఉన్నా, ఒక్క అక్షరం కూడా వేయలేదు.

ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అలా కాదు. అది జన్యువు ముందుండే ప్రమోటర్ దగ్గర డీఎన్‌ఏను పట్టుకుని, పోగులను కొద్దిగా విప్పి, మొదటి అక్షరాన్నీ రెండో అక్షరాన్నీ తానే కలిపి పోగును మొదలుపెట్టగలదు. దానికి ప్రైమర్ అక్కర్లేదు. ప్రైమేజ్ కూడా ఒకరకంగా ఆర్‌ఎన్‌ఏను పేర్చే ఎంజైమే కనుక శూన్యం నుంచి మొదలుపెట్టగలదు. కానీ అది పనిచేసేది రెప్లికేషన్ కోసం. డీఎన్‌ఏ మూసను చదివి, ఇ.కోలై బ్యాక్టీరియాలో సుమారు పది అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్కను పెట్టి తప్పుకుంటుంది. అక్కడి నుంచి డీఎన్‌ఏ పాలిమరేజ్ అందుకుంటుంది.

అంటే రెప్లికేషన్‌లోనూ ఆర్‌ఎన్‌ఏ ఉంది. కాకపోతే ఉత్పత్తిగా కాదు, ప్రైమర్‌గా. ట్రాన్స్‌క్రిప్షన్‌లోనూ డీఎన్‌ఏ ఉంది. కాకపోతే ఉత్పత్తిగా కాదు, మూసగా మాత్రమే. పిల్లలు పదార్థం పేరు చూసి ప్రక్రియను నిర్ణయిస్తున్నారు. చూడాల్సింది ఆ పదార్థం అక్కడ ఏ పాత్రలో ఉందన్నది.

ప్రైమేజ్ ప్రశ్న ఊహించి తయారుచేసింది కాదు, ప్రయోగశాలలో నిజంగా చూసిందే. ఇ.కోలైలో ప్రైమేజ్‌కు సంబంధించిన జన్యువు పేరు dnaG. ఈ జన్యువులో ఒకరకం మార్పు ఉన్న బ్యాక్టీరియా 30 డిగ్రీల దగ్గర మామూలుగానే పెరుగుతుంది. అదే 42 డిగ్రీలకు వేడిచేస్తే దాని ప్రైమేజ్ చతికిలబడుతుంది. అప్పుడు కణంలోకి రేడియోధార్మిక తైమిడిన్ ఎక్కించి, అది డీఎన్‌ఏలోకి ఎంత చేరుతోందో కొలిస్తే, వేడెక్కిన కొద్దిసేపటికే చేరిక ఆగిపోతుంది. ఇలా చప్పున ఆగిపోయే మ్యూటెంట్లను ఒక తరగతిగానే లెక్కిస్తారు. డీఎన్‌ఏ తయారీ ఇలా ఆగినా జన్యువులను చదివే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ వేరే ఎంజైమ్ కనుక దాని పని సాగుతుంది.

ఒకజాకి ముక్కల ప్రస్తావన ఇక్కడే ఎందుకొచ్చిందంటే, రెండు పోగులు విడిపోతున్న కూడలి దగ్గర ఒక కొత్త పోగు ఏకధాటిగా పెరుగుతుంది, మరోటి వెనక్కి తిరిగి ముక్కలు ముక్కలుగా పెరగాలి. జపాన్ శాస్త్రవేత్తలు రెయిజి ఒకజాకి, త్సునెకో ఒకజాకి దంపతులు 1960ల చివర్లో ఈ ముక్కలను పట్టుకున్నారు. బ్యాక్టీరియాలో ఒక్కో ముక్క వెయ్యి నుంచి రెండు వేల అక్షరాల పొడవు ఉంటుంది. ఇ.కోలై డీఎన్‌ఏ మొత్తం సుమారు 46 లక్షల అక్షర జంటలు. కాబట్టి ఒక్కసారి నకలు తీయడానికి రెండు వేలకు పైగా ముక్కలు కావాలి, ప్రతి ముక్కకూ ఒక ప్రైమర్ కావాలి. ఏకధాటిగా పెరిగే పోగుకు మొదట్లో ఒకటి చాలు. ప్రైమేజ్ లేకపోతే తొలి దెబ్బ ముక్కల మీద పడేది ఇందుకే.

మూసనూ ప్రైమర్‌నూ ఒకటిగా చూడటం విద్యార్థులతోనే మొదలుకాలేదు. డీఎన్‌ఏ పాలిమరేజ్‌ను కనిపెట్టిన ఆర్థర్ కార్న్‌బర్గ్ కథ వినండి. 1950ల మధ్యలో ఆయన అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీలో ఇ.కోలై రసంతో ప్రయోగాలు చేస్తున్నారు. అదే విశ్వవిద్యాలయంలో కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులు అంతకుముందే గ్లైకోజెన్ మీద పనిచేసి 1947లో నోబెల్ అందుకున్నారు. గ్లైకోజెన్ గొలుసు పెరగాలంటే అప్పటికే కొంత గ్లైకోజెన్ అక్కడ ఉండాలని, దాని కొసలకే కొత్త చక్కెర అణువులు చేరతాయని వాళ్ల పని చూపింది. ఆ పోలికతోనే కార్న్‌బర్గ్ తన పరీక్షనాళికలో కొంచెం డీఎన్‌ఏ కలిపారు. కొత్త గొలుసు అతుక్కోవడానికి అదొక మొదలుగా పనికొస్తుందని ఆయన అంచనా. డీఎన్‌ఏ తయారైంది. అయితే కలిపిన డీఎన్‌ఏ కొస అందించడంతో సరిపెట్టలేదు, ఏ అక్షరం పక్కన ఏ అక్షరం రావాలో కూడా చెబుతోందని తర్వాత తేలింది. ఏ అక్షరాలు పేర్చాలో ఎదుటి పోగు నుంచి తెలుసుకునే ఎంజైమ్‌ను అప్పటిదాకా జీవరసాయన శాస్త్రంలో ఎవరూ చూడలేదు. ఒకే నాళికలో ఒకే డీఎన్‌ఏ రెండు పాత్రలు పోషించింది కనుక వాటిని విడదీసి చూడటానికి ఇంకా చాలా పని పట్టింది.

1959లో కార్న్‌బర్గ్‌తో నోబెల్ పంచుకున్న సెవెరో ఓచోవా ఎంజైమ్ సంగతి ఇంకా చిత్రం. పాలీన్యూక్లియోటైడ్ ఫాస్ఫోరిలేజ్ అనే ఆ ఎంజైమ్ నాళికలో ఆర్‌ఎన్‌ఏను తయారుచేసింది, కానీ ఏ మూసనూ చదవకుండానే. ఏ ముడిసరుకు ఎంత అందిస్తే ఆ పాళ్లలో అక్షరాలు కలిపేసేది. అంటే అది జన్యువును చదివే ఎంజైమ్ కాదు. ఉత్పత్తి ఆర్‌ఎన్‌ఏ అయినంత మాత్రాన అది ట్రాన్స్‌క్రిప్షన్ కాదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు. ఈ ఎంజైమ్ పేరు ఇంటర్ పాఠంలో జన్యు సంకేతం దగ్గర ఒక వాక్యంలో వస్తుంది, మూసతో పనిలేదన్న మాటతో సహా. ప్రశ్నల్లో కూడా కనిపిస్తుంటుంది.

మరి డీఎన్‌ఏ పాలిమరేజ్ సొంతంగా ఎందుకు మొదలుపెట్టలేదు? పాఠ్యపుస్తకం మొదలుపెట్టలేదని చెప్పి ఊరుకుంటుంది, పిల్లలు బట్టీ పట్టి ఊరుకుంటారు. కారణం తెలిస్తే బట్టీ అవసరం ఉండదు. ఈ ఎంజైమ్ ప్రతి అక్షరం వేశాక వెనక్కి చూసుకుంటుంది. చివరి అక్షరం మూసతో సరిగ్గా జతపడితేనే ముందుకు కదులుతుంది. జతపడకపోతే దాన్ని కోసి పారేసి మళ్లీ వేస్తుంది. ఇలా వెనుక ఉన్న జతను ఆనవాలుగా పెట్టుకుని నడిచే ఎంజైమ్‌కు, వెనుక ఏమీ లేని చోట తొలి అక్షరం వేయడం కుదరదు. దిద్దుకునే గుణానికి ఇది మూల్యం అని జీవశాస్త్రజ్ఞులు వివరిస్తారు. ఈ దిద్దుబాటు వల్ల కోటి అక్షరాలకు ఒకటి చొప్పున మాత్రమే తప్పు మిగులుతుంది. ఆ తర్వాత కణంలోని మరమ్మతు వ్యవస్థ వాటిలోనూ చాలావాటిని సరిచేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ పది వేల నుంచి లక్ష అక్షరాలకు ఒక తప్పు చేస్తుంది. అయినా నష్టం లేదు, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ కొన్నాళ్లు వాడి పారేసే ప్రతి. డీఎన్‌ఏ తరతరాలకు వెళ్లే అసలు ప్రతి.

ప్రైమర్ ఆర్‌ఎన్‌ఏతోనే ఎందుకుండాలో కూడా ఇక్కడే అర్థమవుతుంది. శూన్యం నుంచి మొదలుపెట్టే ఎంజైమ్ తొలి అక్షరాల్లో తప్పులు చేసే అవకాశం ఎక్కువ. ఆ భాగం ఆర్‌ఎన్‌ఏగా ఉంటే, ఇది తాత్కాలికం, తీసేయాల్సిందని కణానికి సులభంగా తెలుస్తుంది. బ్యాక్టీరియాలో డీఎన్‌ఏ పాలిమరేజ్-1 ఆ ముక్కను తొలగిస్తూ దాని స్థానంలో డీఎన్‌ఏ నింపుతుంది. మిగిలిన సందును లైగేజ్ అతుకుతుంది. కాబట్టి చివరి ఉత్పత్తిలో ప్రైమర్ ఉండదు. రెప్లికేషన్ పూర్తయ్యాక వచ్చే కొత్త పోగులో ప్రైమర్ ఆర్‌ఎన్‌ఏ శాశ్వత భాగంగా ఉంటుందనే ఆప్షన్ కనిపిస్తే నిస్సందేహంగా కొట్టేయండి.

ఇదంతా అక్షరాల్లో పెట్టి చూద్దాం. ఒక జన్యువులోని మూస పోగు భాగం ఇచ్చి, దాని నుంచి ట్రాన్స్‌క్రిప్షన్‌లో వచ్చే ఆర్‌ఎన్‌ఏ ఏదని అడిగారనుకోండి.

```
మూస:  3'-TACGGATTC-5'

1)  5'-UACGGAUUC-3'
2)  5'-ATGCCTAAG-3'
3)  3'-AUGCCUAAG-5'
4)  5'-AUGCCUAAG-3'
```

జవాబు నాలుగోది. మూసలోని T ఎదురుగా A, A ఎదురుగా U, C ఎదురుగా G, ఇలా వరుసగా పెట్టుకుంటూ వెళ్తే వస్తుంది. మూస 3' కొస దగ్గర మొదలై చదవబడుతుంది కాబట్టి ఎదురుగా పెరిగే ఆర్‌ఎన్‌ఏకు అటువైపు 5' కొస ఉంటుంది.

మిగిలిన మూడూ ఊరికే రాసిన తప్పులు కావు. ఒక్కో దానిలో ఒక్కో గందరగోళం దాగి ఉంది. ఒకటో ఆప్షన్ పెట్టినవాళ్లు మూస అక్షరాలనే తిరిగి రాసి T ఉన్నచోట U పెట్టారు. అంటే మూసనే ఉత్పత్తి అనుకున్నారు. T తీసి U పెట్టే కిటుకు నిజానికి ఉంది, కానీ అది మూస పోగుకు కాదు, ఎదుటి కోడింగ్ పోగుకు పనికొస్తుంది. కోడింగ్ పోగును ఎంజైమ్ చదవదు. చూడ్డానికి మాత్రం అది ఆర్‌ఎన్‌ఏలా ఉంటుంది, ఎందుకంటే రెండూ ఒకే మూసకు జతలు. రెండో ఆప్షన్‌లో అక్షరాల జత సరిగ్గానే ఉంది, దిశా సరైనదే. కానీ అది డీఎన్‌ఏ. అడిగింది ట్రాన్స్‌క్రిప్షన్ అయితే జవాబుగా రెప్లికేషన్ ఉత్పత్తిని ఇచ్చారు. మూడో ఆప్షన్ పెట్టినవాళ్లకు పాత్రలన్నీ తెలుసు, కొసలు తారుమారయ్యాయి అంతే. వరుస పరీక్షల్లో ఒక విద్యార్థి తప్పులన్నీ మూడో రకంవే అయితే అతనికి పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు, దిశలు సాధన చేయిస్తే చాలు. ఒకటో రకం తప్పులు ఎక్కువగా ఉంటే మూస అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పాలి. తప్పు జవాబుల సంఖ్య కంటే ఏ తప్పు పెట్టారన్నది లెక్చరర్‌కు ఎక్కువ చెబుతుంది.

అదే మూసను ఈసారి రెప్లికేషన్ ఎంజైములకు అప్పగిద్దాం. నిజంగా ప్రైమర్ పది అక్షరాల దాకా ఉంటుంది, ఇక్కడ చూపడానికి మూడే తీసుకుంటున్నాను.

```
మూస:              3'-TACGGATTC-5'
ప్రైమేజ్ పని అయ్యాక:  5'-AUG-3'
పాలిమరేజ్ పని అయ్యాక: 5'-AUGCCTAAG-3'
ప్రైమర్ మార్చాక:      5'-ATGCCTAAG-3'
```

మూడో వరుసను కాస్త నిలిచి చూడండి. ఒకే పోగులో మొదట U, తర్వాత T ఉన్నాయి. సగం ఆర్‌ఎన్‌ఏ, సగం డీఎన్‌ఏ అయిన ఈ పోగు కాసేపే ఉంటుంది, కానీ నిజంగా ఉంటుంది. ఈ వరుసను ఆప్షన్‌గా ఇచ్చి ఇది ఏ ప్రక్రియలో ఏ దశ అని అడిగితే, పాత్రలు తెలిసిన పిల్లలు ఇట్టే చెప్పేస్తారు. రెప్లికేషన్, ప్రైమర్ ఇంకా తీయని దశ. పదార్థం పేర్లతోనే నెట్టుకొచ్చేవాళ్లు U చూసి ట్రాన్స్‌క్రిప్షన్ అనాలా, T చూసి రెప్లికేషన్ అనాలా అని తేల్చుకోలేరు.

ప్రైమర్ ఆర్‌ఎన్‌ఏ అయి ఉంటుందన్న సంగతిని శాస్త్రవేత్తలు ఎలా పట్టారో చెబితే ఇంకో రకం ప్రశ్న కూడా తేలికవుతుంది. దానికి దారి చూపింది రిఫాంపిసిన్, మన ఊళ్లలో క్షయ రోగులకు రోజూ ఇచ్చే మందు, మూత్రం ఎర్రబడేలా చేసే ఆ మాత్రే. బ్యాక్టీరియాలోని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కు అతుక్కుని, కొత్త ఆర్‌ఎన్‌ఏ రెండు మూడు అక్షరాలు దాటకుండా దారి మూసేయడం దాని పని. 1971 నాటికి స్టాన్‌ఫర్డ్‌కు మారిన కార్న్‌బర్గ్ ప్రయోగశాలలో డగ్లస్ బ్రట్లాగ్, రాండీ షెక్‌మన్ అనే యువ పరిశోధకులు ఎం13 అనే వైరస్‌తో పనిచేస్తున్నారు. ఈ వైరస్ బ్యాక్టీరియాలోకి ఒంటి పోగు డీఎన్‌ఏతో వస్తుంది. లోపలికి రాగానే దానికి జత పోగు తయారవ్వాలి. అంటే డీఎన్‌ఏ మూస, డీఎన్‌ఏ ఉత్పత్తి. ఆర్‌ఎన్‌ఏకు అందులో పనేమిటి అనిపిస్తుంది. కానీ రిఫాంపిసిన్ కలిపితే ఆ డీఎన్‌ఏ తయారీ ఆగిపోయింది.

ఒక సందేహం రావాలి. ఆర్‌ఎన్‌ఏ ఆగితే కొత్త ప్రొటీన్లు ఆగుతాయి, అందువల్ల డీఎన్‌ఏ ఆగిందేమో? వాళ్లకూ ఆ సందేహం వచ్చింది. ప్రొటీన్ తయారీని ఆపే క్లోరాంఫెనికాల్ ఇచ్చి చూశారు. డీఎన్‌ఏ తయారీ ఆగలేదు. రిఫాంపిసిన్‌కు లొంగని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఉన్న బ్యాక్టీరియాలో చూశారు. అక్కడ రిఫాంపిసిన్ ఇచ్చినా డీఎన్‌ఏ తయారైంది. ఇక మిగిలింది ఒక్కటే దారి: డీఎన్‌ఏ పోగును ముందుగా ఒక పొట్టి ఆర్‌ఎన్‌ఏ మొదలుపెడుతోంది. ఆ తర్వాత ఫై-ఎక్స్174 అనే మరో వైరస్‌తో చూస్తే దాని డీఎన్‌ఏ రిఫాంపిసిన్‌కు చలించలేదు. అంటే అక్కడ ప్రైమర్ వేసేది మామూలు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ కాదు, వేరే ఎంజైమ్. ఆ వెతుకులాట ప్రైమేజ్ దగ్గరికి చేరింది. ఆ యువ పరిశోధకుల్లో షెక్‌మన్ తర్వాత వేరే రంగానికి వెళ్లి, కణంలో సరుకుల రవాణా మీద చేసిన పనికి 2013లో నోబెల్ అందుకున్నారు.

ఈ కథ తెలిసినవాళ్లను ఈ ప్రశ్న తికమకపెట్టదు: ఇ.కోలైకి రిఫాంపిసిన్ ఇస్తే, అప్పటికే నడుస్తున్న డీఎన్‌ఏ రెప్లికేషన్ ఏమవుతుంది? ప్రైమర్లు ఆర్‌ఎన్‌ఏ కాబట్టి వెంటనే ఆగుతుందని చాలామంది పెడతారు. ఆగదు. ఇ.కోలై సొంత ఒకజాకి ముక్కలకు ప్రైమర్లు వేసేది ప్రైమేజ్. రిఫాంపిసిన్ దాన్ని ముట్టుకోదు. మొదలైన నకళ్లు చివరిదాకా పూర్తవుతాయి. కొత్త నకలు మొదలవడం మాత్రం ఆగుతుంది, ఎందుకంటే ఆ మొదలుకు ట్రాన్స్‌క్రిప్షన్ పని, దాని వెంట కొత్త ప్రొటీన్లు కావాలి. అందుకే ఒక్కో కణంలో ఎన్ని నకళ్లు నడుస్తున్నాయో లెక్కించడానికి పరిశోధకులు నేటికీ రిఫాంపిసిన్ ఇచ్చి, నడుస్తున్నవి పూర్తయ్యేదాకా ఆగి, కణాల్లోని డీఎన్‌ఏను కొలుస్తారు.

ఇంకో మెట్టు ఎక్కుదాం. క్షయ రిఫాంపిసిన్‌కు లొంగుతుందా లేదా అని చూడటానికి మన ప్రభుత్వాసుపత్రుల్లో కఫాన్ని సీబీనాట్ పరీక్షకు పంపుతారు. ఆ యంత్రం చూసేది క్షయ బ్యాక్టీరియాలోని rpoB జన్యువును. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌లో రిఫాంపిసిన్ అతుక్కునే భాగాన్ని తయారుచేసే జన్యువు అదే. అందులో కొన్ని మార్పులుంటే మందు అతుక్కోదు. ఇప్పుడు ఈ పరీక్షను ప్రశ్నగా మలచండి. ఇక్కడ మూస ఏది? ప్రైమర్ ఏది? ఉత్పత్తి ఏది?

జన్యువు పేరులో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఉంది కాబట్టి ఇది ట్రాన్స్‌క్రిప్షన్ అనుకునే ప్రమాదం ఉంది. కాదు. ఇది పీసీఆర్, అంటే నాళికలో జరిపే రెప్లికేషన్. మూస బ్యాక్టీరియా డీఎన్‌ఏలోని rpoB భాగం. ఉత్పత్తి ఆ భాగానికే లక్షల కొద్దీ డీఎన్‌ఏ నకళ్లు. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఇక్కడ పనిచేయడం లేదు, దాని జన్యువు మూసగా పడి ఉంది అంతే. ఇక ప్రైమర్లు ఆర్‌ఎన్‌ఏ కాదు, డీఎన్‌ఏ. పీసీఆర్‌లో సాధారణంగా 20 అక్షరాల అటూ ఇటూ ఉండే డీఎన్‌ఏ ముక్కలను రసాయనికంగా తయారుచేసి నాళికలో వేస్తారు. పాలిమరేజ్‌కు కావలసింది మూసకు జతపడిన ఒక 3' కొస. అది ఆర్‌ఎన్‌ఏదైనా డీఎన్‌ఏదైనా దానికి పట్టింపు లేదు. కణంలో వేసిన ప్రైమర్‌ను తీసేస్తారు, పీసీఆర్‌లో వేసిన ప్రైమర్ ఉత్పత్తిలో కలిసిపోయి ఉండిపోతుంది. కాబట్టి ప్రైమర్ ఎప్పుడూ ఆర్‌ఎన్‌ఏయే అనే వాక్యం ఆప్షన్‌లో ఉంటే అది ఏ సందర్భం గురించో చూసుకోవాలి. కణం లోపలి రెప్లికేషన్ గురించైతే సాధారణంగా సరైనదే. పీసీఆర్ గురించైతే తప్పు.

కార్న్‌బర్గ్ కుటుంబం గురించి ఒక మాట మిగిలింది. ఆర్థర్ కుమారుడు రోజర్ కార్న్‌బర్గ్ కూడా శాస్త్రవేత్తే. తండ్రి డీఎన్‌ఏను పేర్చే ఎంజైమ్‌ను పట్టుకుంటే, కొడుకు ఉన్నత జీవుల్లో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ జన్యువును చదివే తీరును అణువుల స్థాయిలో బొమ్మ కట్టి చూపారు. దానికి 2006లో రసాయన శాస్త్ర నోబెల్ ఆయనకు ఒక్కరికే వచ్చింది. ఏ ఎంజైమ్ ఎవరిదో మరిచిపోయే విద్యార్థులకు ఇది చెప్పి చూశాను, తండ్రిది రెప్లికేషన్, కొడుకుది ట్రాన్స్‌క్రిప్షన్ అని బాగా గుర్తుంటుంది.

చివరగా ప్రశ్నపత్రాలు తయారుచేసే లెక్చరర్లకు ఒక విన్నపం. డీఎన్‌ఏ పోగు ఇచ్చి ఆర్‌ఎన్‌ఏ అడిగేటప్పుడు అది మూస పోగో కోడింగ్ పోగో తప్పకుండా రాయండి, రెండు కొసల దగ్గరా 5', 3' పెట్టండి. పైన ఇచ్చిన TACGGATTC నే ఎడమ కొస 3' అనుకుంటే మూసగా అది ఇచ్చే ఆర్‌ఎన్‌ఏ 5'-AUGCCUAAG-3'. ఎడమ కొస 5' అనుకుంటే 5'-GAAUCCGUA-3'. కోడింగ్ పోగు అనుకుని ఎడమ కొసను 5' గా తీసుకుంటే 5'-UACGGAUUC-3'. గుర్తులు లేని ప్రశ్నకు ఈ మూడూ సరైన జవాబులే. అలాంటి ప్రశ్నలో పాఠం బాగా తెలిసిన విద్యార్థి కూడా మార్కు పోగొట్టుకుంటాడు, ఆ తప్పు అతనిది కాదు.